కలంకారీ ఆకులు నీలంగా ఎందుకు మారాయి?

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, 18వ శతాబ్దంలో మన కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన నూలు వస్త్రాలున్నాయి. వాటి మీది పూలు నేటికీ ఎర్రగానే ఉన్నాయి. ఆకులు మాత్రం చాలాచోట్ల నీలంగా కనిపిస్తాయి. అద్దినవాళ్లు నీలం ఆకులు వేయలేదు. నీలిమందు మీద పసుపు రంగు పూసి ఆకుపచ్చ తెప్పించారు. ఆ పసుపు కాలక్రమంలో వెలిసిపోయి, అడుగునున్న నీలం బయటపడింది. ఒకే గుడ్డ మీద, ఒకే చేతి కింద వేసిన చెట్టు రంగుల్లో ఒకటి నిలిచి ఒకటి పోవడానికి కారణం, రంగు నూలును ఎలా పట్టుకుంది అన్నదే.

నూలు పోగు సెల్యులోజ్. ఉన్నిలో, పట్టులో రంగును పట్టుకునే రసాయన కొక్కేల వంటివి ఉంటాయి, నూలులో అవి లేవు. అందుకే చాలా చెట్ల రంగులు దాని మీద ఊరికే కూర్చుని, ఉతగ్గానే దిగిపోతాయి. మధ్యవర్తిగా ఒక లోహపు ఉప్పు కావాలి. దాన్నే మోర్డెంట్ అంటారు. మన అద్దకంలో అది పటిక.

పెడన పద్ధతిలో ఎరుపు ఎలా వస్తుందో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముందు గుడ్డలోని గంజి, జిడ్డు పూర్తిగా పోవాలి. నీటి బొట్టు వేస్తే వెంటనే ఇంకాలి, పైన నిలబడితే ఆ గుడ్డ మీద రంగు మచ్చలుగా పడుతుంది. తర్వాత కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఎండబెడతారు. పాలలోని కొవ్వు అచ్చు అంచులు చెదరకుండా ఆపుతుంది. కరక్కాయలోని వగరు పదార్థం, అంటే టానిన్, పోగుకు అంటుకుని పటికను పట్టుకుంటుంది. అప్పుడు పటిక నీళ్లలో జిగురు కలిపి అచ్చు వేస్తారు. ఈ దశలో బొమ్మ సరిగా కనిపించదు కూడా. పారే నీటిలో జాడించి, అంటుకోని పటికను వదిలించి, చిరివేరు వేసిన నీళ్లలో మరిగిస్తే, పటిక ఉన్నచోటే ఎరుపు తేలుతుంది.

చిరివేరులోని అలిజరిన్ పటికలోని అల్యూమినియంతో, నీటిలోని కాల్షియంతో కలిసి కరగని పదార్థంగా మారి పోగులో చిక్కుకుంటుంది. దాని అణువు కూడా గట్టి వలయాల కట్టడం, ఎండకు త్వరగా విరగదు. 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్మన్ ఈ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. నేటి కలంకారీలో చాలాచోట్ల వాడేది ఆ పొడే. వేరు నుంచి వచ్చినా, డబ్బా నుంచి వచ్చినా అణువు ఒకటే. కాబట్టి ఎండకు వెలవడాన్ని నిర్ణయించేది చెట్టా, ఫ్యాక్టరీయా అన్నది కాదు.

పసుపుకొమ్ము రంగు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. మోర్డెంట్ లేకుండానే నూలుకు అంటుతుంది, చూడగానే మెరుస్తుంది. కానీ దానిలోని కర్కుమిన్ ఎండ తగిలితే ముక్కలైపోతుంది. సబ్బులోని క్షారం తగిలితే అప్పటికప్పుడే ఎర్రబారుతుంది. చాలా చెట్టు పసుపులు దీనికన్నా మెరుగే అయినా, ఎరుపుతో, నీలంతో పోలిస్తే బలహీనం.

మరి మిల్లు గుడ్డల రంగు ఎందుకు నిలుస్తుంది? 1956లో ఐసీఐ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన రియాక్టివ్ రంగులకు మధ్యవర్తి అక్కర్లేదు, అవి సెల్యులోజ్‌తో నేరుగా రసాయన బంధం వేసుకుంటాయి. ఉతుకుడుకు ఆ బంధం తెగడం కష్టం. పైగా వేలాది అణువులను పరీక్షించి, ఎండకు ఆగేవాటినే కంపెనీలు ఎంచుకున్నాయి. చెట్టు రంగుల్లో అటువంటి ఎంపికకు మనకున్నవి కొద్దిపాటి మొక్కలే. లోహపు ఉప్పుతో వేసిన ముడి కూడా చెమటకు, ఘాటైన డిటర్జెంట్‌కు వదులవుతుంది.

నలుపుది మరో సంగతి. ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టిన నీళ్లు కరక్కాయ టానిన్‌తో కలిస్తే గట్టి నలుపు వస్తుంది. కానీ ఇనుము ఎక్కువైతే నూలునే తినేస్తుంది. పాత వస్త్రాల్లో నల్ల గీతల వెంబడే గుడ్డ చిరిగి ఉండటానికి కారణమదే.

చీర కొనేముందు ఆ రంగు నమ్మకం తేల్చుకోవాలంటే, అమ్మేవారిని అదే గుడ్డ పేలిక ఒకటి అడగండి. సగం అట్టతో కప్పి, ఎండ పడే కిటికీలో రెండు వారాలు ఉంచండి. రెండు సగాల మధ్య తేడా కనబడితే ఆ రంగు ఎండకు ఆగదు. కొన్న తర్వాత క్షారం లేని సబ్బుతో, చల్లటి నీళ్లలో ఉతికి, తిరగేసి నీడలో ఆరేయండి. ఆకుపచ్చ, పసుపు ఎక్కువగా ఉన్న చీరను ఎండ తగలని బీరువాలో దాచుకోండి. అది ఎరుపు చీరకన్నా ముందు వెలుస్తుంది.