ఒక్క పేరు తీస్తే చాలు, ప్లాన్ రద్దు చేయక్కర్లేదు

పెళ్ళయి వెళ్ళిన అమ్మాయి ఫోన్ చేసి, ‘నాన్నా, ఆయన పంపిన ఆహ్వానం తీసుకోబోతే నేను ఇప్పటికే ఇంకో కుటుంబంలో ఉన్నానని చూపిస్తోంది, చేరనివ్వడం లేదు’ అంటే చాలా ఇళ్ళల్లో తండ్రి మొదట చేసే పని ప్లాన్ రద్దు చేయడం. దాంతో భార్య ఫోన్లో ఫొటోలు దాచుకునే చోటు తరిగిపోతుంది, కొడుకు పాటల మధ్య మళ్ళీ ప్రకటనలు మొదలవుతాయి. నిజానికి అక్కడ తీయాల్సింది ఒక్క పేరు మాత్రమే. గూగుల్ కుటుంబ గ్రూపులో ఆ ఒక్క పేరును ఎలా తీయాలో, తీసిన తర్వాత ఆ మనిషికి ఏమవుతుందో వివరంగా చూద్దాం. తెలుగు ఇళ్ళల్లో ఆండ్రాయిడ్ ఫోన్లే ఎక్కువ కాబట్టి ఈ చిక్కు ఎక్కువగా ఇక్కడే ఎదురవుతుంది.

ముందుగా రెండు విషయాలను విడదీసి చూడాలి. ఒకటి గ్రూపు, రెండోది ప్లాన్. గ్రూపు అంటే ఎవరెవరు ఒక ఇంటివాళ్ళో రాసుకున్న పట్టిక. అందులో మేనేజర్ ఒకరు, ఆయన కాక గరిష్ఠంగా ఐదుగురు ఉండొచ్చు. ప్లాన్ అంటే ఆ మేనేజర్ డబ్బు కట్టి కొనుక్కున్న సేవ. అది గూగుల్ వన్ స్టోరేజీ కావచ్చు, యూట్యూబ్ ప్రీమియం ఫ్యామిలీ కావచ్చు. ఒకే గ్రూపు మీద ఈ రెండూ నడవొచ్చు. పట్టికలోంచి పేరు తీస్తే ప్లాన్‌కు ఏమీ కాదు. అదే గ్రూపును తొలగిస్తే మాత్రం మిగతా అందరికీ పంపకం ఒక్కసారిగా ఆగిపోతుంది. కష్టమేమిటంటే ఈ మీటలన్నీ తెరమీద ఒకదానికొకటి దగ్గర్లోనే ఉంటాయి.

మేనేజర్ తన ఖాతాతో families.google.com తెరిస్తే సభ్యుల పేర్లు కనిపిస్తాయి. వెళ్ళాల్సిన వాళ్ళ పేరు మీద నొక్కాలి. అప్పుడు తెరుచుకునే పేజీలో Remove member అని ఉంటుంది. అది నొక్కాక పాస్‌వర్డ్ అడిగితే మేనేజర్ తన పాస్‌వర్డే ఇవ్వాలి. అంతటితో పని అయిపోయినట్టే. పేరు నొక్కకుండా మెనూలో వెతికేవాళ్ళకు ఎదురయ్యేది Delete family group. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పక్కన ఒక్క మనిషి పేరూ లేకుండా మొత్తం గ్రూపు అన్న మాట కనిపిస్తే అది మీకు కావాల్సిన మీట కాదు, వెనక్కి వచ్చేయండి. గూగుల్ వన్ సెట్టింగుల్లో Share Google One with family అనే స్విచ్ కూడా అలాంటిదే. దాన్ని ఆపితే ఒక్కరికి కాదు, అందరికీ స్టోరేజీ పంపకం ఆగుతుంది.

మేనేజర్ తీయక్కర్లేకుండా వెళ్ళే మనిషే స్వయంగా బయటికి రావొచ్చు. తన ఖాతాతో అదే పేజీ తెరిస్తే Leave family group కనిపిస్తుంది. నన్నడిగితే ఇదే మేలైన పద్ధతి. కారణం మర్యాద ఒక్కటే కాదు. వెళ్ళేవాళ్ళు తమ ఖాతా ఎంత నిండిందో చూసుకుని, తీరిక ఉన్న రోజు ఎంచుకుని బయటికి రావచ్చు. మేనేజర్ తీసేస్తే ఆ వ్యవధి వాళ్ళకు దొరకదు. ఈ వ్యవధి ఎందుకంత ముఖ్యమో ఒక ఇంటి లెక్క చూస్తే తెలుస్తుంది.

గుంటూరులో ఒక ఇల్లు అనుకుందాం. తండ్రి పేరున 200 జీబీ గూగుల్ వన్ ప్లాన్ ఉంది. తల్లి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు, పెళ్ళయి బెంగళూరు వెళ్ళిన కూతురు ఆ గ్రూపులో ఉన్నారు. గూగుల్ ప్రతి సభ్యుడికీ సొంతంగా 15 జీబీ ఉచితంగా ఇస్తుంది. ముందు అది నిండాలి. ఆ పైన వాడుకునేదే ఉమ్మడి 200 జీబీలోంచి వెళుతుంది. కూతురి ఖాతాలో ఫొటోలు, వీడియోలు 27 జీబీ, మెయిల్స్ 3 జీబీ, డ్రైవ్ ఫైళ్ళు 1 జీబీ, మొత్తం 31 జీబీ ఉన్నాయి. అంటే 15 సొంత చోటు, 16 ఉమ్మడి చోటు.

గ్రూపులోంచి బయటికి రాగానే ఆ 16 జీబీ చోటు ఆమెకు ఉండదు. అయితే ఫొటోలు చెరిగిపోవు. అన్నీ ఆమె ఖాతాలోనే ఉంటాయి, తెరిచి చూసుకోవచ్చు, దించుకోవచ్చు. కానీ ఖాతా హద్దు దాటినట్టు లెక్క. కొత్త ఫొటోలు బ్యాకప్ కావు, డ్రైవ్‌లోకి కొత్త ఫైలు ఎక్కదు. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది జీమెయిల్. హద్దు దాటిన ఖాతాకు మెయిల్ పంపడమూ కుదరదు, రావడమూ కుదరదు. బ్యాంకు స్టేట్‌మెంటు, ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరం, విమానం టికెట్టు, ఏది పంపినా పంపినవాళ్ళకే తిరిగి వెళ్ళిపోతుంది. ఆమెకు మాత్రం ఇన్‌బాక్స్ ఖాళీగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. అందుకే విషయం చాలా ఆలస్యంగా తెలుస్తుంది. అలాగే రెండేళ్ళపాటు హద్దు దాటి ఉంటే అప్పుడు గూగుల్ ఆ ఖాతాలో ఉన్నవి తొలగించవచ్చు. ఆ గడువు దూరంగానే ఉంది, మెయిల్ ఆగడం మాత్రం చేతికందేంత దగ్గర్లో ఉంది.

కాబట్టి ఆ అమ్మాయి మొదట one.google.com/storage తెరిచి తన మొత్తం ఎంతో చూసుకోవాలి. 15 జీబీ లోపే ఉంటే ఏ క్షణాన బయటికి వచ్చినా నష్టం లేదు. దాటి ఉంటే రెండు దారులున్నాయి. పెద్ద వీడియోలు హార్డ్‌డిస్కులోకి దించుకుని, ఖాతాలోంచి చెరిపి 15 లోపుకు తేవడం ఒకటి. చెరిపినవి ట్రాష్‌లో ఉన్నంతకాలం చోటు తింటూనే ఉంటాయి, ట్రాష్ కూడా ఖాళీ చేయాలి. రెండో దారి భర్త గ్రూపులో వెంటనే చేరడం. ఆయనకు స్టోరేజీ ప్లాన్ ఉండి, కుటుంబంతో పంచే స్విచ్ తెరిచి ఉంటే, ఆహ్వానం అంగీకరించగానే ఆ 16 జీబీకి అక్కడ చోటు దొరుకుతుంది. ఆయన ఫోన్ దగ్గర పెట్టుకుని, ఇటు వదిలి అటు చేరడం ఒకే కూర్చోవడంలో పూర్తి చేస్తే మెయిల్‌కు అంతరాయం ఉండదు.

ఇక్కడ ఒక నియమం గుర్తుంచుకోవాలి. ఒక ఖాతా ఒకసారికి ఒక్క కుటుంబ గ్రూపులోనే ఉంటుంది, కుటుంబం మారడం 12 నెలలకు ఒక్కసారే. భర్త గ్రూపులో చేరి, అది నచ్చక నెల తిరక్కుండా మళ్ళీ నాన్న గ్రూపుకు వస్తానంటే కుదరదు. అందుకని పరీక్షగా బయటికి వచ్చి చూద్దాం అనుకోవద్దు. మేనేజర్ ఉన్న దేశంలోనే సభ్యులూ ఉండాలన్నది మరో నియమం. అమెరికాలో, గల్ఫ్‌లో స్థిరపడిన పిల్లల్ని ఇక్కడి గ్రూపులో ఉంచుకున్న తల్లిదండ్రులు దీన్ని గమనించాలి.

ఇక తండ్రి వైపు ఏం మారుతుంది? బిల్లు మారదు. నలుగురున్నా ముగ్గురున్నా ప్లాన్ ధర ఒకటే, మనిషి తగ్గినందుకు డబ్బు తిరిగి రాదు. ఉమ్మడి చోటులో 16 జీబీ ఖాళీ అవుతుంది, ఒక స్థానం మిగులుతుంది, కావాలంటే అందులోకి ఇంకొకరిని పిలవొచ్చు. పని సరిగ్గా జరిగిందో లేదో చూడటానికి గూగుల్ వన్‌లో కుటుంబ స్టోరేజీ పేజీ తెరవాలి. ఎవరు ఎంత వాడుతున్నారో అక్కడ పేరుపేరునా ఉంటుంది. కూతురి పేరు పోయి, తల్లి పేరు, కొడుకు పేరు అలాగే ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఆ పేజీలో మేనేజర్‌కు కనిపించేది లెక్క మాత్రమే. ఎవరి ఫొటోలూ, ఫైళ్ళూ మేనేజర్ చూడలేరు, గ్రూపులో ఉన్నప్పుడైనా అంతే. ఈ సంగతి తెలియక మొహమాటపడి గ్రూపు వదిలేసే కోడళ్ళు, అల్లుళ్ళు ఉంటారు. వాళ్ళకు ఈ మాట స్పష్టంగా చెప్పాలి.

యూట్యూబ్ ప్రీమియం కూడా ఇదే గ్రూపు మీద ఉంటే, కూతురికి అదీ ఆగుతుంది. ప్రకటనలు తిరిగి వస్తాయి, ఫోన్లోకి దించుకున్న పాటలు, వీడియోలు ప్రీమియం లేకుండా వాడుకోలేరు. ఆమె తయారుచేసుకున్న ప్లేలిస్టులు, చందా వేసుకున్న చానళ్ళు మాత్రం ఆమె ఖాతాతోనే ఉంటాయి. గ్రూపు పెట్టినప్పుడు ఏర్పడిన Family అనే ఉమ్మడి క్యాలెండర్ ఆమెకు ఇక కనిపించదు. ఇంట్లోవాళ్ళ పుట్టినరోజులు, వ్రతాలు అందులోనే రాసుకుని ఉంటే ముందే తన సొంత క్యాలెండర్లోకి ఎక్కించుకోవాలి. ఫొటోల యాప్‌లో విడిగా పంచుకున్న ఆల్బమ్‌లకు గ్రూపుతో సంబంధం లేదు. పెళ్ళి ఆల్బమ్ అమ్మకు ఎప్పటిలాగే కనిపిస్తుంది. మ్యాప్స్‌లో పెట్టుకున్న లొకేషన్ షేరింగ్ కూడా గ్రూపుతో పాటు ఆగదు. అది వద్దనుకుంటే మ్యాప్స్‌లోకి వెళ్ళి విడిగా ఆపాలి.

చిన్నపిల్లల ఖాతాల సంగతి వేరు. తల్లిదండ్రులు తెరిచి ఫ్యామిలీ లింక్‌తో నడిపే ఖాతాను పెద్దవాళ్ళ ఖాతాలాగా ఊరికే తీసి పక్కన పెట్టడం కుదరదు. ఆ పిల్లవాడికి ఎవరో ఒక పెద్ద బాధ్యులుగా ఉండి తీరాలి.

ఇంతవరకూ చెప్పింది వెళ్ళేది మామూలు సభ్యులైనప్పుడు. వెళ్ళాల్సింది మేనేజరే అయితే ఒక్క పేరు తీసే దారి లేదు. మేనేజర్‌ను మిగతావాళ్ళు తొలగించలేరు, మేనేజర్ హోదాను ఇంకొకరికి అప్పగించే వీలూ లేదు. ఆయన బయటికి రావాలంటే గ్రూపునే రద్దు చేయాలి. అన్నదమ్ములు వేరుపడినప్పుడో, ఇంటిపెద్ద పోయినప్పుడో, ఫోన్ వ్యవహారాలు ఇక కొడుకే చూసుకోవాలని తండ్రి అనుకున్నప్పుడో ఈ పరిస్థితి వస్తుంది. అప్పుడు పని చేసే క్రమం ముఖ్యం. కొత్తగా మేనేజర్ కాబోయే మనిషి ఎవరో, ఆ ఖాతా మీద ఏ ప్లాన్ కొనాలో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే పాత ప్లాన్ ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారదు. ఎవరి ఖాతా 15 జీబీ దాటి ఉందో రాసి పెట్టుకోవాలి. ఆ తర్వాత పాత గ్రూపు రద్దు చేసి, కొడుకు కొత్త గ్రూపు తెరిచి ప్లాన్ కొని, హద్దు దాటినవాళ్ళను ముందుగా పిలవాలి. తండ్రి పాత ప్లాన్ గడువు ఇంకా మిగిలి ఉంటే ఆ చోటు ఆయన ఒక్కరికీ గడువు తీరేదాకా ఉంటుంది, ఆ లోపు తదుపరి చెల్లింపు ఆపుకుంటే సరిపోతుంది.