రిమోట్ మీద నీటి చుక్క

మే నెల, విజయవాడ, మిట్టమధ్యాహ్నం. మా పెద్దమ్మ వాట్సాప్‌లో ఏసీ రిమోట్ ఫొటో ఒకటి పంపి, వెనకాలే వాయిస్ మెసేజ్ పెట్టింది. "నాన్నా, ఏసీ గాలొస్తోంది గానీ గది చల్లబడట్లేదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే గ్యాస్ అయిపోయుంటుంది, మూడు వేల దాకా అవుద్దన్నాడు. ఎందుకైనా మంచిది, నువ్వోసారి చూడు."

ఫొటో బాగానే వచ్చింది. ఫ్లాష్ వేస్తే రిమోట్ తెర మీద మెరుపు పడి గుర్తులు కనపడవు. పక్కనుంచి తీస్తే అంకెలు వెలిసిపోయినట్టుంటాయి. ఆవిడ వెలుతురులో, ఎదురుగా పెట్టి తీసింది. తెర పైభాగాన ఒక నీటి చుక్క బొమ్మ ఉంది. ఫ్యాన్ గుర్తు పక్కన ఒక్కటే గీత. ఉష్ణోగ్రత అంకెలు ఉండాల్సిన చోటు ఖాళీ.

ఆ చుక్క చూసి చాలామంది ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయనో, లోపలి భాగాలు కడగాలనో అనుకుంటారు. అది హెచ్చరిక కాదు. డ్రై మోడ్ గుర్తు. అంటే ఆ సమయంలో ఏసీ గదిని చల్లబరిచే పని కాక, గాలిలోని తేమను తగ్గించే పని చేస్తోంది.

తేమ తీయడానికి ఏసీలో వేరే యంత్రమేమీ ఉండదు. లోపలి యూనిట్‌లో చల్లటి రాగి గొట్టాలు, వాటికి పట్టిన అల్యూమినియం రేకులు ఉంటాయి. వాటినే కాయిల్ అంటారు. గది గాలి వాటికి తగిలినప్పుడు అందులోని ఆవిరి నీరై రేకుల మీద నిలిచి, ట్రేలోకి జారి, డ్రెయిన్ పైపు గుండా బయటికి పోతుంది. ఐస్ వాటర్ గ్లాసు బయట చెమర్చేదీ ఇలాగే. కూల్ మోడ్‌లోనూ ఇది జరుగుతుంది, డ్రై మోడ్‌లోనూ జరుగుతుంది. తేడా అంతా నడిపే తీరులో ఉంది.

కూల్ మోడ్‌లో, అంటే ఆరు కొమ్మల మంచు గుర్తు ఉన్నప్పుడు, మీరు పెట్టిన డిగ్రీలకు గది చేరేదాకా కంప్రెసర్ ఆగదు. మామూలు ఏసీల్లో ఆ డిగ్రీలు రాగానే కంప్రెసర్ ఆగుతుంది కానీ లోపలి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు కాయిల్ మీద మిగిలిన తడి ఆరి మళ్లీ గదిలోకే వస్తుంది. వానాకాలపు రాత్రి గది చల్లగానే ఉన్నా దుప్పటి చెమ్మగా తగలడానికి ఇదొక కారణం. డ్రై మోడ్‌లో ఫ్యాన్ బాగా నెమ్మదిగా తిరుగుతుంది. గాలి కాయిల్ దగ్గర ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి తేమ బాగా దిగుతుంది. కంప్రెసర్ కొంతసేపు నడిచి, కొంతసేపు ఆగుతుంది. అది ఆగినప్పుడు చాలా ఏసీల్లో ఫ్యాన్ కూడా ఆగుతుంది, కనుక తీసిన తడి వెనక్కి రాదు. ఫ్యాన్ వేగం మన చేతిలో ఉండదు. కొన్ని కంపెనీల రిమోట్లలో డిగ్రీలు మార్చే వీలూ ఉండదు. ఫొటోలో ఒక గీత, ఖాళీ అంకెలు కనిపించింది అందుకే.

ఇప్పుడు విజయవాడ గదికి వద్దాం. బయట 42 డిగ్రీలు, పైన కాలిన స్లాబు. ఆ వేడిని తోడెయ్యాలంటే కంప్రెసర్ ఏకబిగిన నడవాలి, గాలి జోరుగా తిరగాలి. డ్రై మోడ్‌లో ఆ రెండూ జరగవు. ఏసీకి జబ్బేమీ లేదు, దానికి అప్పగించిన పని వేరు, అంతే. అదే ఏసీ విశాఖపట్నంలో ఆగస్టు రాత్రి, 27 డిగ్రీలే ఉన్నా ఒళ్లు జిగటగా ఉండే వేళ, ఈ చుక్క గుర్తు మీద హాయిగా పనిచేస్తుంది. కరెంటూ తక్కువ తింటుంది. హైదరాబాద్ ఎండాకాలపు పొడి మధ్యాహ్నం మాత్రం ఆ మోడ్‌తో పనేమీ లేదు, తీయడానికి గాలిలో తేమ ఉంటేగా!

పెద్దమ్మను మోడ్ బటన్ నొక్కమన్నాను. "ఫ్యాన్ రెక్కల బొమ్మొచ్చింది," అంది. అది వట్టి ఫ్యాన్ మోడ్, కంప్రెసర్ అసలు నడవదు. ఏసీ వేసినా చల్లదనం లేదని వచ్చే ఫిర్యాదుల్లో దీని వాటా కూడా పెద్దదే. మళ్లీ నొక్కితే సూర్యుడు వచ్చాడు. అది గది వెచ్చబరిచే హీట్ మోడ్. కంపెనీలు ఒకే రిమోట్‌ను అనేక మోడళ్లకు ఇస్తాయి కాబట్టి రిమోట్‌లో సూర్యుడు ఉన్నంత మాత్రాన మీ ఏసీ వేడి ఇస్తుందని కాదు. దుకాణంలో హాట్ అండ్ కోల్డ్ అని చెప్పి అమ్మినవే ఇస్తాయి. త్రిభుజంలా తిరిగే బాణాలు గానీ A అక్షరం గానీ వస్తే ఆటో. గది వేడిని బట్టి ఏ మోడ్ వాడాలో ఏసీయే ఎంచుకుంటుంది. మన ఎండల్లో దాని అవసరం నాకెప్పుడూ కనపడలేదు. చివరికి మంచు గుర్తు వచ్చింది. 24 డిగ్రీలు, ఫ్యాన్ పూర్తి వేగం పెట్టించాను.

"రాలేదు నాన్నా, ఇంకా వేడిగాలే," అంది వెంటనే. మోడ్ మార్చాక కంప్రెసర్ అప్పటికప్పుడు మొదలవదు. దాని రక్షణ కోసం దాదాపు మూడు నిమిషాల ఆలస్యం పెట్టి ఉంటారు. ఈలోగా కంగారుపడి మళ్లీ బటన్లు నొక్కకూడదు.

ఫొటో చూసి చెప్పేవాళ్లు మరచిపోకూడని సంగతి ఒకటుంది. మామూలు రిమోట్ ఏసీకి చెబుతుందే గానీ, ఏసీ నుంచి ఏమీ వినదు. రిమోట్ తెర మీద ఉన్నది రిమోట్ పంపానని అనుకుంటున్న ఆజ్ఞ. ఏసీ వైపు చూపకుండా నొక్కితే తెర మీద మంచు గుర్తు, ఏసీలో మాత్రం పాత డ్రై మోడే ఉంటాయి. నొక్కినప్పుడు ఏసీ నుంచి పీప్ శబ్దం వస్తేనే ఆజ్ఞ అందినట్టు. శబ్దం రాకపోతే రిమోట్ ముందు కొనను ఫోన్ సెల్ఫీ కెమెరాకు చూపించి బటన్ నొక్కండి. చాలా ఫోన్ల తెర మీద చిన్న వెలుగు మిణుకుమంటుంది. అది కనిపిస్తే రిమోట్ పనిచేస్తున్నట్టే. కనిపించకపోతే ముందు బ్యాటరీలు మార్చి చూడండి.

ఇక గ్యాస్ మాట. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, లీకైతేనే తగ్గుతుంది. అందుకని లీకు ఎక్కడో వెతకకుండా గ్యాస్ నింపి వెళితే ఆ డబ్బు కొన్నాళ్లకే గాలిలో కలుస్తుంది. నిజంగా తగ్గితే బయటి యూనిట్ దగ్గర సన్న గొట్టం మీదో, లోపలి కాయిల్ మీద ఒక పక్కనో మంచు పేరుకుంటుంది. గొట్టాల జాయింట్ల వద్ద నూనె మరక కనిపించవచ్చు. అయితే ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా కాయిల్ మీద మంచు కడుతుంది, అందుకే ముందు జాలీ కడిగి చూడాలి.

మెకానిక్‌ను పిలిచే ముందు మీరే ఒక పరీక్ష చేయవచ్చు. మంచు గుర్తు, 24 డిగ్రీలు, ఫ్యాన్ పూర్తి వేగం పెట్టి, తలుపులు మూసి పావుగంట ఆగండి. ఏసీ పైన గాలి లోపలికి పోయే చోట ఒకసారి, కింద చల్లగాలి వచ్చే చోట ఒకసారి థర్మామీటర్ పెట్టండి. రెండింటికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే గ్యాస్ నింపించాల్సిన పని లేదు. తేడా అంతకంటే బాగా తక్కువగా ఉండి, జాలీ కూడా శుభ్రంగా ఉంటే అప్పుడు మెకానిక్‌ను పిలవండి. వచ్చినవాణ్ని ముందు లీకు చూపించమనండి.