ఇంజినీరు చెప్పకుండా వదిలేసింది

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటానికి అనుబంధంగా నామినాటిమ్ అనే సేవ ఒకటి ఉంది. ఊరి పేరు ఇస్తే అక్షాంశం, రేఖాంశం చెబుతుంది. టెర్మినల్ తెరిచి ఈ ఒక్క లైను కొడితే వరంగల్ ఎక్కడుందో వచ్చేస్తుంది:

```
curl -i -A "my-docs-sample/1.0" "https://nominatim.openstreetmap.org/search?q=Warangal&format=jsonv2&limit=1"
```

ఇప్పుడు వరంగల్ తీసేసి, ఏ ఊరికీ లేని పేరేదైనా పెట్టి చూడండి. ఎర్రర్ వస్తుందనుకుంటాం. రాదు. పని సవ్యంగా జరిగిందని చెప్పే `200` కోడే వస్తుంది, దాని కింద `[]` అని ఖాళీ జాబితా ఉంటుంది. ఎర్రర్ వస్తేనే ఊరు దొరకనట్టు అనుకుని ప్రోగ్రాం రాసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఖాళీ జాబితాలో మొదటి ఊరి కోసం వెతుకుతూ వాళ్ల యాప్ ఆగిపోతుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఫ్రీలాన్స్‌గా టెక్నికల్ రైటింగ్ చేయాలనుకునేవాళ్ల పని సరిగ్గా ఈ `[]` దగ్గరే ఉంది. మనం రాసే డాక్యుమెంట్ చదివేది చాలావరకు ఇంకో కంపెనీలో పనిచేసే ప్రోగ్రామరే. అంతా సవ్యంగా నడిచే దారిని వాళ్లు ఎలాగోలా కనిపెట్టుకుంటారు. అది తప్పినప్పుడు ఏమవుతుందో ముందే చెప్పే పేజీయే వాళ్ల రోజంతటి శ్రమను తప్పిస్తుంది.

నమూనా ఒక్క పేజీ అయినా చాలు

అనుభవం లేనివాళ్లను కంపెనీలు మొదట అడిగేది నమూనాలే. పాత ఉద్యోగంలో రాసిన డాక్యుమెంట్లు చూపిద్దామంటే కుదరదు, అవి ఆ కంపెనీ సొత్తు. అందుకే ఎవరైనా వాడుకోగలిగే సేవను ఎంచుకుని సొంతంగా రాయాలి. నామినాటిమ్ అందుకు బాగా పనికొస్తుంది.

"ఊరి పేరు నుంచి అక్షాంశ రేఖాంశాలు తెచ్చుకోవడం" అని శీర్షిక పెట్టండి. ముందుగా ఏమేం సిద్ధంగా ఉండాలో రాసి, ఆ తర్వాత కమాండ్, దానికి వచ్చే జవాబు, జవాబులో ఒక్కో భాగం అర్థం వరుసగా ఇవ్వండి. ఇంతవరకు అందరూ రాస్తారు. మీ పేజీని నిలబెట్టేది ఆ తర్వాతి భాగం. ఊరు దొరకకపోతే `[]` వస్తుందని రాయండి. `lat`, `lon` విలువలు కొటేషన్ గుర్తుల మధ్య అక్షరాలుగా వస్తాయి కాబట్టి, లెక్కల్లో వాడే ముందు సంఖ్యలుగా మార్చుకోవాలని రాయండి. ఈ ఉచిత సర్వర్‌ను సెకనుకు ఒక్కసారికి మించి అడగకూడదనీ, మీ ప్రోగ్రాం పేరును `-A` దగ్గర తెలపాలనీ సంస్థ నియమం. అదీ చేర్చండి. చివర మీరు పరీక్షించి చూసిన తేదీ వేయండి.

ఇలాంటివి రెండు మూడు మార్క్‌డౌన్‌లో రాసి గిట్‌హబ్‌లో పెడితే సరిపోతుంది. ప్రోగ్రామర్లు వాడే పనిముట్లతోనే మీరూ పనిచేయగలరని అది చూపిస్తుంది. పరిశీలించే మేనేజరు మీ కమాండ్‌ను కాపీ చేసి కొట్టి చూడవచ్చు. అందుకే పంపే రోజు మీరూ ఇంకోసారి కొట్టి చూసుకోండి.

అరగంటలో ఏం అడగాలి?

పని దొరికాక కష్టమంతా ఇంజినీరు దగ్గర సమాచారం రాబట్టడంలో ఉంటుంది. ఒక పేమెంట్ కంపెనీ ఉందనుకుందాం. కొనుగోలుదారు డబ్బు కట్టగానే ఆ కంపెనీ సర్వర్ దుకాణం సర్వర్‌కు ఒక మెసేజ్ పంపుతుంది. దీన్ని వెబ్‌హుక్ అంటారు. అందిందంటూ దుకాణం `200` తిరిగి పంపాలి. దాని గురించి గైడ్ రాయడం మన పని. ఇంజినీరు ఇచ్చిన సమయం అరగంట.

"ఈ ఫీచర్ గురించి చెప్పండి" అని మొదలుపెడితే ఆ అరగంటా బొమ్మలు గీసి చూపించడంలోనే అయిపోతుంది. ముందే ఉన్న నోట్సు, టికెట్లు చదివి, టెస్ట్ అకౌంట్‌లో ఓసారి నడిపి చూసి, మనకు అర్థమైనంతలో చిత్తుప్రతి రాసుకుని వెళ్లాలి. తెలియని చోట ఖాళీలు వదలాలి. రాసింది తప్పైతే ఇంజినీరు వెంటనే దిద్దుతారు. ఖాళీ కనిపిస్తే పూరిస్తారు.

"దుకాణం నుంచి జవాబు రాకపోతే ఏమవుతుందండీ?"

"రీట్రై అవుతుందండి. దాని గురించి పెద్దగా రాయక్కర్లేదు."

"ఎన్నిసార్లు?"

"ఐదుసార్లు. మధ్యలో గ్యాప్ పెరుగుతూ పోతుంది."

"దుకాణం వాళ్లు ఆర్డర్ రాసేసుకున్నారు, మనకు `200` పంపేలోపే నెట్ పోయింది. అప్పుడు?"

"మళ్లీ వెళ్తుంది."

"అంటే ఒకే పేమెంటుకు రెండు మెసేజ్‌లు. రెండూ ఒకటేనని వాళ్లకెలా తెలుస్తుంది?"

"ఈవెంట్ ఐడీ రెండింట్లోనూ ఒకటే ఉంటుందిగా!"

ఇంజినీరు ఏదీ దాచలేదు. రోజూ చూసే విషయం కాబట్టి అందరికీ తెలుసనుకున్నారు, అంతే. ఆ ముక్క గైడ్‌లో లేకపోతే దుకాణం ఒకే సరుకును రెండుసార్లు పంపుతుంది. ఇప్పుడు మనం ఇలా రాయగలం: "ఒకే మెసేజ్ ఒకటికి మించిన సార్లు రావచ్చు. వచ్చిన ప్రతి ఈవెంట్ ఐడీని దాచుకోండి. అదే ఐడీ మళ్లీ వస్తే `200` పంపి వదిలేయండి, ఆర్డర్‌ను మళ్లీ నమోదు చేయకండి."

మాట్లాడాక అదే రోజు, అర్థమైనదాన్ని నాలుగైదు వాక్యాల్లో రాసి ఇంజినీరుకు పంపి సరేననిపించుకోవాలి. తర్వాత టెస్ట్ అకౌంట్‌లో కావాలనే `200` పంపకుండా ఆపి, నిజంగా ఐదుసార్లు వస్తున్నాయో లేదో చూడాలి. ఇంజినీరు గుర్తున్నది చెప్పి ఉండవచ్చు. ఈలోగా కోడ్ మారిపోయి ఉండవచ్చు.

రేటు దేనికి?

మన సమయం ఎక్కడికి పోతుందో తెలిశాక రేటు లెక్క సులువవుతుంది. లెక్క చూపడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. ఏడాదికి చేతికి 9,00,000 రూపాయలు కావాలి. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఆరోగ్య బీమా, ఆడిటరు వంటి ఖర్చులకు ఇంకో 1,50,000. రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా, క్లయింట్లను వెతకడం, ఈమెయిళ్లు, బిల్లులు పోను డబ్బు వచ్చే పని నాలుగు గంటలే అనుకుందాం. వారానికి ఐదు రోజుల చొప్పున 48 వారాలకు 960 గంటలు. 10,50,000ను 960తో భాగిస్తే గంటకు సుమారు 1,100 రూపాయలు. పన్ను దీనిలోంచే కట్టాలంటే ఆ మేరకు పెంచుకోవాలి.

వెబ్‌హుక్ గైడ్‌కు ఇది వర్తింపజేద్దాం. చదవడానికి 6 గంటలు, ఇంటర్వ్యూలకు 3, నడిపి చూడటానికి 6, రాయడానికి 12, రివ్యూ మార్పులకు 6. మొత్తం 33 గంటలు, 36,300 రూపాయలు. ఇదే పనికి క్లయింటు మాటకు 5 రూపాయలు ఇస్తానంటే, 2,400 మాటల గైడ్‌కు 12,000 వస్తాయి. రాసే 12 గంటలే లెక్కలోకి తీసుకుంటే గంటకు 1,000 కాబట్టి పరవాలేదనిపిస్తుంది. 33 గంటలకు పంచితే 364 రూపాయలే. తేడా అంతా చదవడంలోనూ ఇంటర్వ్యూల్లోనూ పరీక్షల్లోనూ రివ్యూ మార్పుల్లోనూ ఉంది, గైడ్‌కు విలువ తెచ్చేవీ అవే. మాటల లెక్కన రేటు ఒప్పుకున్నవాళ్లు ముందుగా కోత పెట్టేది కూడా వాటికే.

అందుకే మొత్తం పనికి ఒక ధర చెప్పడం మేలు. మొదటిసారి పనిచేసే క్లయింటైతే అంచనాకు మరో ఐదో వంతు కలిపి, 43,500 అని చెప్పవచ్చు. ఆ ధరలో ఏమేం ఉన్నాయో ఒప్పందంలో విడమరచి రాయాలి: ఎన్ని పేజీలు, ఎన్ని విడతల మార్పులు, టెస్ట్ అకౌంట్ ఏ తేదీకి ఇస్తారు, ప్రశ్నలకు జవాబిచ్చే ఇంజినీరు ఎవరు, రివ్యూ ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారు. గడువు దాటడానికి ఎక్కువగా కారణమయ్యేది రివ్యూ ఆలస్యమే. రివ్యూ పూర్తయ్యేదాకా బిల్లు ఆగకుండా, కొంత సొమ్ము అడ్వాన్సుగా, కొంత చిత్తుప్రతి ఇచ్చిన రోజున, మిగతాది చివర్లో వచ్చేలా రాయించుకోవాలి. ఇంజినీరు పేరు, సమయం ఇవ్వడానికి క్లయింటు ఒప్పుకోకపోతే ఆ పని తీసుకోకపోవడమే మంచిది. అడిగి తెలుసుకునే వీలు లేనిచోట, ఎంత మంచి రైటరైనా రాయగలిగేది క్లయింటు దగ్గర ఇప్పటికే ఉన్న నోట్సునే.