మూడున్నర వేల తేడా ఎక్కడిది?

విజయవాడలో ఒకాయన దగ్గర 1,200 సీసీ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ ఉందనుకుందాం. కొని రెండేళ్లు నిండాయి, ఎక్స్‌షోరూం ధర 8 లక్షలు. ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి ఫోన్‌లో రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి 12,400 రూపాయలు, రెండోది 15,900. మన ఇళ్లలో చాలామంది ఇక ఆలోచించకుండా మొదటిదానికే కట్టేస్తారు. కానీ ఆ మూడున్నర వేలు ఎక్కడ తగ్గాయో చూసుకోకపోతే, అంతకు ఎన్నో రెట్లు షెడ్డులో కట్టాల్సి రావచ్చు.

ఈ తేడా థర్డ్ పార్టీ భాగంలోది కాదు, కారు కొన్నప్పుడే దాన్ని మూడేళ్లకు కట్టేసి ఉంటారు. దాని రేటు ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 1,000 నుంచి 1,500 సీసీ లోపు కార్లకు 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు 3,416 రూపాయలు, దానిపైన జీఎస్టీ. కాబట్టి తేడా అంతా మన బండికి జరిగే నష్టాన్ని భరించే ‘ఓన్ డ్యామేజ్’ భాగంలోనే ఉంది. దాని ధర ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకుంటుంది.

మొదట ఐడీవీ చూడాలి. కారు దొంగతనానికి గురైనా, బాగుచేయలేనంతగా పాడైనా కంపెనీ ఇచ్చేది ఆ మొత్తమే. అదే మోడల్ ప్రస్తుత ధరలోంచి బండి వయసును బట్టి తరుగు తీసేసి దాన్ని లెక్కగడతారు. రెండు నుంచి మూడేళ్ల మధ్య బండికి తరుగు 30 శాతం. అంటే మన కారుకు 5 లక్షల 60 వేలు రావాలి. రెండో కొటేషన్‌లో అంతే ఉంది. మొదటిదానిలో మాత్రం 4 లక్షల 70 వేలే ఉంది. ఐడీవీ తగ్గితే ప్రీమియం ఓ వెయ్యి దాకా తగ్గవచ్చు. బండి పోయిన రోజున మాత్రం 90 వేలు తక్కువ వస్తాయి.

ఐడీవీతో ఇంకో చిక్కుంది, దీని గురించి ఏజెంట్లు అరుదుగా చెబుతారు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద లెక్కకడతారు. 5.60 లక్షల ఐడీవీకి ఆ గీత 4.20 లక్షల దగ్గర పడుతుంది, 4.70 లక్షలకైతే దాదాపు మూడున్నర లక్షల దగ్గరే. వరదలో మునిగిన కారుకు షెడ్డువాళ్లు 3.80 లక్షల ఎస్టిమేట్ వేశారనుకోండి. ఒక పాలసీలో బండి రిపేరై ఇంటికొస్తుంది. రెండోదానిలో అదే బండి టోటల్ లాస్ అవుతుంది, ఆ డబ్బుతో అలాంటి కారు మళ్లీ దొరకదు. అలాగని ఐడీవీని అవసరానికి మించి పెంచుకోవడమూ దండగే. బంపర్ పగిలితే ఇచ్చే డబ్బుకూ ఐడీవీకీ సంబంధం లేదు. అయిదేళ్లు దాటిన బండికి పట్టిక ఉండదు, కంపెనీతో మాట్లాడుకుని ఖరారు చేసుకోవాలి. మీ ఊళ్లో అలాంటి సెకండ్‌హ్యాండ్ కారు ఎంతకు అమ్ముడవుతోందో కనుక్కుని దానికి దగ్గరగా పెట్టుకోండి.

యాడ్ ఆన్‌ల జాబితా ఎంత పొడుగున్నా నేను పట్టుబట్టేవి రెండే. మొదటిది జీరో డెప్. అది లేకపోతే ఏమవుతుందో ఒక బిల్లులో చూద్దాం. ముందువైపు గుద్దుకుంది: ప్లాస్టిక్ బంపర్ 12 వేలు, హెడ్‌లైట్ 18 వేలు, బానెట్, ఫెండర్ రేకులు 14 వేలు, పెయింటింగ్ 12 వేలు, లేబర్ 8 వేలు. మొత్తం 64 వేలు. ప్లాస్టిక్ సామానుకు సగమే ఇస్తారు కాబట్టి బంపర్‌కీ, ప్లాస్టిక్ లైటుకీ కలిపి 15 వేలు కోత. ఈ వయసు బండికి రేకు సామానులో 15 శాతం, అంటే 2,100 పోతుంది. పెయింటింగ్ బిల్లులో పావు వంతును రంగు ఖరీదుగా తీసుకుని అందులో సగం కోస్తారు, అది 1,500. అంతా కలిపి 18,600 మన జేబులోంచి పోతుంది. జీరో డెప్ ఉంటే ఈ కోత ఉండదు. అయితే ఏడాదికి ఎన్ని క్లెయిములకు అది వర్తిస్తుందో పాలసీలో చదవాలి. రెండింటితో ఆపేసే కంపెనీలున్నాయి.

రెండోది ఇంజిన్ ప్రొటెక్ట్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పటి సంగతి విజయవాడ వాళ్లకు చెప్పనక్కర్లేదు. వరద నష్టం మామూలు సమగ్ర పాలసీలోనూ ఉంటుంది. కానీ నీళ్లలో ఉన్న బండికి తాళం తిప్పి స్టార్ట్ చేస్తే ఇంజిన్ నీటిని లోపలికి పీల్చి, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. అది వరద వల్ల కాదు, స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టమని కంపెనీ పక్కన పెడుతుంది. ఆ లోటును పూడ్చేదే ఈ కవర్. అది ఉన్నా సరే, మునిగిన బండిని స్టార్ట్ చేయకండి. టోయింగ్ వ్యాన్‌ను పిలిపించి ఎక్కించండి, నీటిమట్టం ఎక్కడిదాకా వచ్చిందో కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇక డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిములోనూ మనం భరించే వాటా. 1,500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు తప్పనిసరి. మొదటి కొటేషన్‌లో దానిపైన ‘వాలంటరీ’ పేరుతో ఇంకో 5,000 పెట్టారు. అంటే పైన చెప్పిన బిల్లులో జీరో డెప్ ఉన్నా 6,000 మనమే కట్టాలి. ఇది ఏడాదికి ఒకసారి కాదు, క్లెయిముకొకసారి. సోమవారం ముందు బంపర్, శుక్రవారం వెనక డోరు దెబ్బతింటే అవి రెండు ప్రమాదాలు, రెండు క్లెయిములు, వాటా రెండుసార్లు. నో క్లెయిమ్ బోనస్ పోతుందని చిన్న గీతలకు ఎలాగూ క్లెయిము చేయని వాళ్లకు వాలంటరీ కొంత లాభమే. పార్కింగ్ స్థలం లేక రోడ్డు మీద బండి పెట్టుకునే వాళ్లు దాని జోలికి పోకపోవడం మేలు.

ఇప్పుడు మొదటి కొటేషన్‌ను మళ్లీ తెరిచి ఐడీవీని 5.60 లక్షలకు జరిపి, జీరో డెప్, ఇంజిన్ కవర్ టిక్ పెట్టి, వాలంటరీ తీసేయండి. 12,400 కాస్తా 15,300 అయిందనుకుందాం. అసలు తేడా ఆరు వందలే. ఆ ఆరు వందల కోసం ఏ కంపెనీని ఎంచుకోవాలో తేల్చేది క్లెయిముల చరిత్ర.

ప్రకటనల్లో కనిపించే ‘98 శాతం’ లాంటి అంకెను అలాగే నమ్మొద్దు. అడిగినదాంట్లో సగమే ఇచ్చినా అది పరిష్కరించిన క్లెయిము కిందికే వస్తుంది. పైగా ఆ అంకెలో మోటారుతో పాటు ఆరోగ్య బీమా కూడా కలిసి ఉండొచ్చు. ‘ఇన్‌కర్డ్ క్లెయిమ్ రేషియో’ వేరే సంగతి. వసూలైన ప్రీమియంలో ఎంత శాతం క్లెయిములకు పోయిందో అది చెబుతుంది, మీ క్లెయిము వస్తుందో లేదో చెప్పదు. ప్రతి కంపెనీ వెబ్‌సైట్‌లోనూ పబ్లిక్ డిస్‌క్లోజర్స్ అనే విభాగం ఉంటుంది. అందులో NL-37 ఫారం తెరిస్తే మోటార్ ఓన్ డ్యామేజ్ వరుసలో ఎన్ని క్లెయిములు వచ్చాయో, ఎన్ని తిరస్కరించారో, ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో విడిగా కనిపిస్తుంది. NL-45లో ప్రతి పదివేల క్లెయిములకు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో ఉంటుంది. కంపెనీలను పోల్చడానికి నాకు ఈ అంకే ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది. దానిలో పాలసీదారు కోపం కూడా లెక్కకొస్తుంది.

కాగితాల తర్వాత మీరు బండి ఇచ్చే షెడ్డుకే వెళ్లి సర్వీస్ అడ్వైజర్‌ను అడగండి. ఈ కంపెనీ క్యాష్‌లెస్ మీ దగ్గర నడుస్తుందా? సర్వేయర్ ఎన్నాళ్లకు వస్తాడు? ఎస్టిమేట్‌లో ఏ సామాను దగ్గర గొడవ పెడతాడు? అప్రూవల్ రాక ఎన్ని బండ్లు ఆగి ఉన్నాయి? వాళ్లు రోజూ ఆ కంపెనీలతోనే పని చేస్తారు, సూటిగా చెబుతారు.

ఇన్ని చూసుకున్నా క్లెయిము దగ్గర పేచీ వస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సర్వే రిపోర్టు నకలు, షెడ్డు బిల్లు, కంపెనీ కోత పెట్టిన లెక్క జత చేయాలి.