గొడ్డలా, కర్రా?

పొలం గట్టు తగాదా. నవంబరు సాయంత్రం ఆరున్నరకు ఒకాయన తల పగిలింది, ఇద్దరి మీద హత్యాయత్నం కేసు పెట్టారు. ఇది ఏ ఒక్క కేసూ కాదు, కోర్టుల్లో రోజూ తగిలే కట్టల తరహాలో నేను అల్లిన ఉదాహరణ. ముద్దాయిల తరఫు సీనియర్ ఆ కట్టను జూనియర్ చేతిలో పెట్టి, ‘సాక్షులు ఏం చెప్పారో రెండు పేజీల్లో రాసుకురా’ అంటాడు.

కొత్తగా చేరినవాళ్లు సాక్షికో పేరా చొప్పున రాసుకొస్తారు. చదవడానికి బాగానే ఉంటుంది, క్రాస్‌కు లేచి నిలబడ్డాక మాత్రం పనికిరాదు. తెలిసినవాళ్లు సంగతి వారీగా రాస్తారు. ‘ఆయుధం’ అని ఒక వరస గీసి, దాని గురించి ఎవరు, ఎప్పుడు, ఏ కాగితంలో, ఏ పేజీలో, ఏ లైనులో ఏమన్నారో ఉన్న మాటలు ఉన్నట్టు ఎక్కిస్తారు. సొంత మాటల్లో కుదిస్తే ప్రమాదం. సాక్షికి పాత మాట చూపించి నిలదీయాలంటే రికార్డులో ఉన్న ఆ వాక్యమే కావాలి. కాదంటే, వాంగ్మూలం రాసుకున్న దర్యాప్తు అధికారి చేత అవుననిపించాలి. అప్పుడే అది వైరుధ్యంగా రుజువైనట్టు.

మన కేసులో ఆయుధం వరస ఇలా తేలింది. మర్నాడు ఉదయం బాధితుడు ఇచ్చిన రిపోర్టులో గొడ్డలి. పోలీసులకిచ్చిన వాంగ్మూలాల్లో బాధితుడు, అతని బావమరిది, పక్క పొలం రైతు ముగ్గురూ గొడ్డలే అన్నారు. టీ కొట్టాయన మాత్రం కేకలు విని వచ్చేసరికి ఇద్దరు కర్రలతో పరిగెడుతున్నారన్నాడు. ఆసుపత్రి రిజిస్టరులో రాత్రి 8.10కి బాధితుడు చెప్పినట్టుగా ‘తెలిసినవాళ్లు కర్రలతో కొట్టారు’ అని ఉంది. గాయాల సర్టిఫికెట్ తల మీద గాయాన్ని ‘చిట్లిన గాయం’ అంది, ‘కోసిన గాయం’ అనలేదు.

లెక్కపెడితే గొడ్డలికి ముగ్గురు మనుషులు, పైన రిపోర్టు. కానీ ఆ మూడు వాంగ్మూలాల్లోనూ దెబ్బను వర్ణించే వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ముగ్గురు మనుషులు ఒకే దెబ్బను ఒకే వాక్యంలో చెప్పరు. అది రాసుకున్నవారి వాక్యం అయ్యుండాలి. అసలు పోలీసు వాంగ్మూలంతో సాక్షిని ఖండించవచ్చే గాని, ప్రాసిక్యూషన్ తన సాక్షిని దానితో బలపరచుకోలేదు. పాత సీఆర్‌పీసీలో ఇది 162వ సెక్షన్, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 181. కర్ర వైపు చూస్తే, చుట్టం కాని టీ కొట్టాయనకు ఆసుపత్రి రిజిస్టరు సంగతి తెలిసే వీలు లేదు, రిజిస్టరు రాసినవారికి ఆయనెవరో తెలియదు. బలం అంటే ఇలా వేర్వేరు దారుల్లో వచ్చి ఒకచోట కలిసిన మాటలది.

ఇక్కడ సంబరపడే జూనియర్‌ను సీనియర్ ఆపుతాడు. గొడ్డలి మడమతో కొట్టినా తల చిట్లుతుంది కదా! ఇంకో చిక్కూ ఉంది: నెత్తి చర్మం కింద వెంటనే ఎముకే గనుక కర్ర దెబ్బకూ కోసినట్టే చీలవచ్చు. గాయం అంచులు నలిగాయా, వెంట్రుకలు తెగాయా చితికాయా అన్నది డాక్టరు ఏం రాశాడో చూడందే ఆ వరస పూర్తి కాదు. అందుకే మెమోలో ‘గొడ్డలి అబద్ధం’ అని రాయకూడదు. ‘పదునైన వైపు దెబ్బ అన్నదానికి సర్టిఫికెట్ మద్దతు లేదు’ అని రాయాలి.

మనకు నచ్చని వరసలూ దాచకూడదు. టీ కొట్టాయన రెండో ముద్దాయిని గుర్తుపట్టానన్నాడు. ఆసుపత్రిలో ‘తెలిసినవాళ్లు’ అన్న మాట రెండు గంటల్లోపే పడింది. ‘మావాళ్లు అక్కడ లేరు’ అనే వాదన ఈ రెండింటి ముందు నిలవదని మెమో ముఖం మీదే చెప్పాలి. ఆయుధం మీద పోరాడితే మాత్రం హత్యాయత్నం ఆరోపణ బరువు తగ్గించే అవకాశం ఉంది.

ఇక మౌనాలు. చెప్పని ప్రతి మాటా వైరుధ్యం కాదు. తహసీల్దార్ సింగ్ కేసులో 1959లో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది: అప్పుడు చెప్పినదీ ఇప్పుడు చెబుతున్నదీ కలిసి నిలబడలేనప్పుడే విడిచిపెట్టిన మాట వైరుధ్యమవుతుంది. చొక్కా రంగు చెప్పకపోతే ఏమీ కాదు.

మన కట్టలో పెద్ద మౌనం వెలుతురుది. నవంబరులో ఆరున్నరకు మన ఊళ్లలో పొద్దుగూకి చాలాసేపవుతుంది. పొలం దగ్గర దీపం ఉందని ఒక్కరూ అనలేదు, ఘటనాస్థలం స్కెచ్‌లో స్తంభమూ లేదు. జూనియర్ ఆ వరసకెదురుగా ‘వెలుతురు ఉందా అని సాక్షులను అడగాలి’ అని రాసుకొచ్చాడు. సీనియర్ దాన్ని కొట్టేశాడు. అడిగితే ముగ్గురూ ‘వెన్నెలుందండీ’ అంటారు. పక్కన ఎర్ర సిరాతో రాశాడు: ‘సాక్షులను కదపొద్దు. స్కెచ్ వేసిన అధికారిని అడుగుదాం. ఆ రోజు తిథి చూసిపెట్టు.’