నీరు మాత్రకి రంజాన్ వేళలు

రంజాన్ నెల దగ్గర పడిందంటే గుండె డాక్టర్ల ఓపీలో ఒక ప్రశ్న మాటిమాటికీ వినిపిస్తుంది: "సార్, పొద్దున మాత్రలు సహరిలో వేసేసుకోనా?" అడిగేవాళ్ళకి అది చిన్న మార్పు. ఎనిమిదింటికి వేసుకునేవి అయిదింటికి వేసుకుంటే సరిపోతుందనుకుంటారు. కొలెస్ట్రాల్ మాత్రకైతే ఆ లెక్క చెల్లుతుంది. గుండె పంపింగ్ తగ్గినవాళ్ళు వేసుకునే నీరు మాత్రకి మాత్రం చెల్లదు. ఆ ఒక్క మాత్రని ఏ వేళకి జరపాలో తెలియకపోవడం వల్లే రోజా మొదలుపెట్టిన మొదటి వారంలో చాలామంది కళ్ళు తిరిగి పడిపోతుంటారు.

పంపింగ్ తగ్గిన గుండె రక్తాన్ని పూర్తిగా ముందుకి తోయలేదు. దాంతో ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి. పాదాలు వాస్తాయి, పడుకుంటే ఆయాసం వస్తుంది. ఈ అదనపు నీటిని మూత్రం ద్వారా బయటికి పంపడానికే ఫ్యూరోసెమైడ్ ఇస్తారు. లాసిక్స్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. నోటితో వేసుకున్న గంటలోపే అది పని మొదలుపెడుతుంది, గంట రెండు గంటల్లో దాని జోరు పతాక స్థాయికి చేరుతుంది, ఆరు గంటలకల్లా అయిపోతుంది. టార్సెమైడ్ అనే మరో నీరు మాత్ర ఇంకాస్త ఎక్కువసేపు పనిచేస్తుంది. మామూలు రోజుల్లో దీన్ని పొద్దున్నే ఇవ్వడానికి కారణం ఉంది. పగలంతా బాత్రూమ్‌కి వెళ్ళినా పర్లేదు, రాత్రి నిద్ర చెడదు. పోయిన నీటి బదులు మంచినీళ్ళూ మజ్జిగా తాగుతూనే ఉంటారు.

రోజాలో ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. 2026లో రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చింది. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో సహరి ముగిసేది దాదాపు అయిదుంబావుకి, ఇఫ్తార్ ఆరుంబావు దాటాక. అంటే పదమూడు గంటలు చుక్క నీరు లేకుండా ఉండాలి. చాంద్రమానం వల్ల ఈ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 2018లో మే, జూన్ ఎండల్లో వచ్చింది. అప్పటి రోజాకీ చలికాలపు రోజాకీ గుండె మీద పడే భారం ఒకటి కాదు, అందుకే కిందటేడు చెప్పిన మందుల వేళలు ఈ ఏడు అలాగే పాటించకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో కిరాణా కొట్టు నడిపే అరవై రెండేళ్ళ ఒక పెద్దాయన. మూడేళ్ళ కిందట గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు, పంపింగ్ 38 శాతం. ఏడాదిగా ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం రాలేదు, వాపుల్లేవు, ఒక అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కగలడు. పొద్దున ఫ్యూరోసెమైడ్ 40, స్పైరోనోలాక్టోన్ 25, రామిప్రిల్, డాపాగ్లిఫ్లోజిన్ 10. కార్వెడిలాల్ రెండు పూటలా. మధ్యాహ్నం భోంచేశాక ఆస్పిరిన్, రాత్రికి అటోర్వాస్టాటిన్. రోజుకి లీటరున్నర మించి నీళ్ళు తాగొద్దని డాక్టరు చెప్పారు.

ఎవరినీ అడక్కుండా ఆయన పొద్దున మాత్రలన్నీ సహరిలో వేసుకుంటే ఏం జరుగుతుంది? ఆరింటి నుంచి పదకొండింటిదాకా నాలుగైదుసార్లు మూత్రానికి వెళ్తాడు. పోయిన నీరు తిరిగి చేరదు. డాపాగ్లిఫ్లోజిన్ మరికొంత నీటిని లాగుతుంది. మీదనుంచి రామిప్రిల్, కార్వెడిలాల్ బీపీని దించుతుంటాయి. జొహర్ నమాజు వేళకి నోరు ఎండిపోతుంది. సజ్దా నుంచి లేచి నిలబడేటప్పుడు కళ్ళు బైర్లు కమ్ముతాయి. అసర్ వేళకి మూత్రం ముదురు పసుపు రంగులో, కొద్దిగా వస్తుంది. మూత్రపిండాలకి రక్తం చాలడం లేదనడానికి గుర్తు అదే. అప్పుడు బీపీ చూస్తే పై అంకె తొంభై దగ్గరుంటుంది. గుండె మళ్ళీ పాడైందేమోనని ఇంట్లోవాళ్ళు హడలిపోతారు. నిజానికి గుండెలో కొత్తగా వచ్చిన జబ్బేమీ లేదు, వేళ తప్పి వేసుకున్న మాత్రలే అంత పని చేశాయి.

ఇక్కడ పనికొచ్చే సూత్రం ఒకటే: నీళ్ళు తాగే వీలున్న వేళలోనే నీరు మాత్ర. అందుకే అది సహరి నుంచి ఇఫ్తార్‌కి మారుతుంది. ఖర్జూరం, గ్లాసు నీళ్ళతో రోజా విప్పగానే ఫ్యూరోసెమైడ్ వేసుకుంటే దాని పని అర్ధరాత్రికల్లా ముగుస్తుంది, సహరి ముందు కాస్త నిద్ర దక్కుతుంది.

చిక్కల్లా తరావీ నమాజు. ఇషా తర్వాత గంటకి పైగా సాగే ఈ నమాజు మధ్యలో బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని మాత్రే మానేసేవాళ్ళున్నారు. డాక్టరుకి చెప్పరు, అడిగితే గానీ బయటపడదు. మగ్రిబ్ ముందే, రోజా విప్పిన నిమిషంలోనే మాత్ర వేసుకుంటే తరావీ మొదలయ్యేసరికి దాని జోరు చాలావరకు తగ్గిపోతుంది. అప్పటికీ ఇబ్బందైతే ఇంట్లోనే తరావీ చదువుకోవచ్చు. తరావీ అయ్యాక పదింటికి వేసుకోవడం మరో దారే కానీ, రాత్రి ఒంటిగంట, రెండింటిదాకా లేస్తూనే ఉండాలి. నిద్రమత్తులో, తగ్గిన బీపీతో అర్ధరాత్రి బాత్రూమ్‌కి నడవడం వయసు మీదపడ్డవాళ్ళకి మంచిది కాదు.

మిగతా మాత్రలు సర్దడం అంత కష్టం కాదు. ఇఫ్తార్ నుంచి సహరికి పదకొండు గంటలు, సహరి నుంచి ఇఫ్తార్‌కి పదమూడు గంటలు. రెండు పూటల మందుకి ఇంచుమించు సరిపోయే ఎడమే. కార్వెడిలాల్ తిండితోపాటే వేసుకోవాలి, లేకపోతే లేచి నిలబడగానే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి మన పెద్దాయనకి ఒకటి సహరి భోజనంతో, రెండోది మగ్రిబ్ తర్వాత తినే భోజనంతో. ఆస్పిరిన్, స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఆ రాత్రి భోజనానికే. రామిప్రిల్, అటోర్వాస్టాటిన్ పడుకోబోయే ముందు. బీపీ దించే మందులన్నీ ఒకేసారి మింగకుండా విడదీయడం ఇందులోని కిటుకు. సహరికి ఒకే ఒక్క మాత్ర మిగిలింది. కార్వెడిలాల్ లాంటి మందుని నెలపాటు ఆపేయడం అసలు పనికిరాదు. ఉన్నట్టుండి ఆపితే గుండె వేగం పెరుగుతుంది, నొప్పి తిరగబెడుతుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్ళు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఒక్క రోజు కూడా వదలకూడదు. రోజుకి మూడుసార్లు వేసుకోవాల్సిన మందులుంటే, ఒకటి రెండు పూటలతో సరిపోయే మందుకి మార్చమని రంజాన్‌కి రెండు మూడు వారాల ముందే డాక్టరుని అడగాలి. ఈ పట్టీ మొత్తం ఈ ఒక్క మనిషికి సరిపడేది. ఇంకొకరి మూత్రపిండాలు, బీపీ, షుగరు వేరుగా ఉంటే పట్టీ కూడా వేరుగానే ఉంటుంది.

ఇక నీళ్ళ సంగతి. గుండెజబ్బు ఉన్న ప్రతివాళ్ళకీ నీళ్ళ మీద హద్దు ఉండదు. స్టెంట్ వేసుకుని, పంపింగ్ బాగున్నవాళ్ళు రాత్రంతా కొద్దికొద్దిగా బాగానే తాగాలి. హద్దు ఉన్నవాళ్ళు చేసే పొరపాటు వేరు. దాహం మీద ఇఫ్తార్‌లో ముప్పావు లీటరు గటగటా తాగేస్తారు, సహరి ముగియబోతుందని ఇంకో అర లీటరు పట్టిస్తారు. బలహీనమైన గుండె ఒకేసారి అంత నీటిని మోయలేదు, పడుకోగానే ఆయాసం వస్తుంది.

దీనికో తేలిక పద్ధతి ఉంది. ఇఫ్తార్ ముందు లీటరున్నర నీళ్ళు ఒక సీసాలో నింపి పెట్టుకోవాలి. మంచినీళ్ళు అందులోంచే తాగాలి. గంజి, షర్బత్, టీ, పాలు ఏది తాగినా అంత కొలత నీళ్ళు సీసాలోంచి ఒంపేయాలి. మన పెద్దాయన రోజా విప్పేటప్పుడు ఒక గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్లు తాగాడు. 150 గంజి తాగి అంత నీళ్ళు ఒంపేశాడు. భోజనం నుంచి తరావీ దాకా గుక్కగుక్కగా 400, పడుకునే ముందు 200. సహరికి 400 నీళ్ళూ, ఒక చిన్న కప్పు టీ. సీసా ఖాళీ. పుచ్చకాయ ముక్కలు కూడా నీళ్ళ కిందే లెక్క. ఉప్పు మీద కూడా కన్నుండాలి. హలీం, సమోసా, ఊరగాయ, అప్పడాల్లోని ఉప్పు రాత్రి నీటిని పట్టి ఉంచుతుంది, పగలు దాహం పెంచుతుంది. ఖర్జూరంలో పొటాషియం ఎక్కువ. స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్ రెండూ వాడేవాళ్ళకి రక్తంలో పొటాషియం పెరిగే గుణం ముందే ఉంటుంది కాబట్టి మూడు పళ్ళతో ఆపడం మేలు. రంజాన్‌కి ముందొకసారి, మొదలైన వారం పది రోజులకి మరోసారి క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించాలి.

మొదటి రోజుల్లో టీ లేక తలనొప్పి వస్తుంది. మందుల షాపులో ఏదో ఒక నొప్పి మాత్ర అడిగి తెచ్చుకుంటారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి నీటిని నిలబెడతాయి, ఎండిన ఒంట్లో మూత్రపిండాలని దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ అయితే ఆ భయం లేదు.

తూకం మిషన్ ఇంట్లో ఉండాలి. సహరికి లేచి, మూత్రానికి వెళ్ళొచ్చి, ఏమీ తినకముందు బరువు చూసుకుని రాసి పెట్టుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టు. అంతే తగ్గి, నిలబడితే తల తిరుగుతుంటే నీరు మాత్ర మోతాదు ఎక్కువైనట్టు. రెండిట్లో ఏది జరిగినా సొంతంగా మాత్ర పెంచడం, తగ్గించడం చేయకుండా డాక్టరుకి ఫోన్ చేయాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు రోజా వదిలేసి, నీరు మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్ ఆపాలేమో వెంటనే కనుక్కోవాలి.

ఈ సర్దుబాట్లన్నీ జబ్బు కుదురుగా ఉన్నవాళ్ళకే. నెలన్నర లోపు గుండెపోటు వచ్చినవాళ్ళు, ఈ మధ్యే ఆయాసంతో ఆస్పత్రిలో చేరి వచ్చినవాళ్ళు, బృహద్ధమని కవాటం బాగా ఇరుకైనవాళ్ళు, నీరు మాత్ర పెద్ద మోతాదులో రెండు పూటలా వేసుకునేవాళ్ళు ఉపవాసం చేయకూడదు. రోగులకి ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది. కోలుకునేవాళ్ళు తర్వాత ఖజా చేసుకుంటారు, కోలుకోని జబ్బయితే రోజుకొక పేదకి అన్నం పెట్టే ఫిద్యా ఉంది. సందేహంలో ఉన్నవాళ్ళు రంజాన్‌కి ముందు వచ్చే షాబాన్ నెలలో డాక్టరు చెప్పిన వేళలతో ఒకటి రెండు రోజాలు ఉండి చూస్తే తమ ఒళ్ళు ఎలా తట్టుకుంటుందో తెలిసిపోతుంది.

రోజాలో ఉండగా ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ, స్పృహ తప్పినట్టుండటం, బీపీ పై అంకె తొంభైకి దిగడం, వీటిలో ఏది కనిపించినా రోజా విప్పేయాల్సిందే. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ విషయంలో జంకేవాళ్ళు చాలామంది. గొంతులోకి మింగకుండా ఉంటే నాలుక కింది మాత్ర వల్ల రోజా భంగం కాదని జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లోనే తీర్మానించింది. మాత్ర పెట్టుకున్నా నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయడమే.

కార్తీక సోమవారాలకీ ఏకాదశికీ ఉపవాసముండే హిందువుల్లో చిక్కు వేరే రకం. వాళ్ళలో ఎక్కువమంది నీళ్ళు, పాలు, పళ్ళు తీసుకుంటారు. అయినా ఖాళీ కడుపున మాత్ర వద్దని నక్షత్రాలు కనిపించేదాకా అన్నీ ఆపేస్తారు. పాలతోనో పండుతోనో పొద్దున మాత్రలు మామూలు వేళకే వేసుకోవచ్చు. శివరాత్రి లాంటి రోజు నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం చేస్తామనేవాళ్ళు మాత్రం నీరు మాత్ర గురించి ముందే డాక్టరుని అడగాలి.

రంజాన్ ముగిశాక వేళల్ని వెనక్కి మార్చడంలో కూడా పొరపాట్లు జరుగుతాయి. చివరి ఇఫ్తార్‌కి వేసుకున్న నీరు మాత్రని మర్నాడు ఈద్ పొద్దున మళ్ళీ పాత వేళకి వేసుకోవచ్చు, మధ్యలో పన్నెండు గంటలకి పైగా ఎడం ఉంటుంది. ఆ సాయంత్రం అలవాటు కొద్దీ ఇంకోటి వేసుకోకూడదు. ఈద్ రోజు షీర్ ఖుర్మా కూడా ద్రవం లెక్కలోకే వస్తుంది, బిర్యానీలో ఉప్పు దండిగా ఉంటుంది. అందుకే పండగ తర్వాత వారంపాటు బరువు రాసుకోవడం ఆపకుండా, ఆ కాగితాన్నీ రక్త పరీక్షల్నీ తీసుకుని ఓపీకి వెళ్తే, నీరు మాత్ర పాత మోతాదులోనే ఉండాలా, మార్చాలా అన్నది డాక్టరు తేలుస్తారు.