భయాన్ని అమ్ముకునేవాళ్ల ఆదాయం

2017లో అమెరికా షేర్ మార్కెట్ దాదాపు కునుకు తీసింది. ఎస్ అండ్ పీ 500 సూచీ ఒక్క రోజులో ఒక శాతానికి మించి కదిలిన సందర్భాలు ఏడాది మొత్తంలో ఎనిమిదంటే ఎనిమిదే. అంత ప్రశాంతంగా ఉన్నా, షేర్లు కుప్పకూలితే ఎలాగన్న బెంగతో ఆప్షన్లు కొనేవాళ్లు కొంటూనే వచ్చారు. వాటిని అమ్మినవాళ్లకు ఏడాదంతా పండగే.

వాళ్లు అమ్మింది నిజానికి ఒక రకం బీమా. సూచీ ఫలానా స్థాయి కన్నా పడిపోతే ఆ తేడా చెల్లిస్తామన్న హామీ పుట్ ఆప్షన్, పెరిగితే చెల్లిస్తామన్నది కాల్. ఈ హామీకి కట్టే ప్రీమియం ఎంత ఉండాలి? సూచీ ఇప్పుడెక్కడుందో, గడువు ఎన్నాళ్లో, వడ్డీ ఎంతో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కటే, రాబోయే రోజుల్లో సూచీ ఎంత ఊగుతుందన్నది. అందుకని లెక్కను వెనక నుంచి చేస్తారు. మార్కెట్లో పలుకుతున్న ప్రీమియం తీసుకుని, ఈ ధర సబబు కావాలంటే సూచీ ఎంత ఊగాలో రాబడతారు. అదే ఇంప్లైడ్ వొలటాలిటీ. గడువు ముగిశాక రోజువారీ కదలికలను చూసి, నిజంగా ఎంత ఊగిందో కొలిస్తే వచ్చేది రియలైజ్డ్ వొలటాలిటీ. మొదటిది కొనేవాళ్లు కట్టిన ధర, రెండోది జరిగిన కథ.

షికాగో ఎక్స్ఛేంజీ 1993లో మొదలుపెట్టిన విక్స్ సూచీ ఈ మొదటి అంకెనే చెబుతుంది. మన ఎన్‌ఎస్‌ఈ 2008లో తెచ్చిన ఇండియా విక్స్ కూడా నిఫ్టీకి అదే పని చేస్తుంది. ఇది ఏడాది లెక్కలో చెప్పే శాతం కాబట్టి రోజు లెక్క కావాలంటే 16తో భాగిస్తే దాదాపు సరిపోతుంది. ఏడాదికి సుమారు 252 ట్రేడింగ్ రోజులు, దాని వర్గమూలం 16కు దగ్గర. అంటే విక్స్ 16 దగ్గరుంటే రోజుకు ఒక శాతం అటూ ఇటూ ఊగుతుందని మార్కెట్ ధర కట్టినట్టు. 2017లో విక్స్ సగటు 11 దగ్గర ఉంటే, సూచీ నిజంగా ఊగింది దాదాపు 7 మేరకే. మధ్యలో మిగిలిందే వొలటాలిటీ రిస్క్ ప్రీమియం.

ఇది 2017కే పరిమితమైన విడ్డూరం కాదు. దీర్ఘకాల సగటు చూస్తే అమెరికాలో విక్స్ చెప్పిన అంకె, ఆ తర్వాతి నెలలో జరిగిన ఊగిసలాట కన్నా మూడు నాలుగు పాయింట్లు ఎక్కువే ఉంటూ వచ్చింది.

ఈ తేడాను అమ్మేవాళ్లు ఎలా రాబట్టుకుంటారో ఊహా లెక్కతో చూద్దాం. సూచీ 25,000 దగ్గరుంది. నెల గడువుతో 25,000 కాల్, 25,000 పుట్ రెండూ ఒకరు అమ్మారు. దీన్ని స్ట్రాడిల్ అంటారు. ఇంప్లైడ్ వొలటాలిటీ 16 శాతమైతే రెండింటికీ కలిపి 920 పాయింట్ల చిల్లర చేతికొస్తుంది. సూచీ 12 శాతం లెక్కన ఊగే మార్కెట్లో నెలాఖరుకు 25,000 నుంచి సగటున 690 పాయింట్లు అటో ఇటో జరుగుతుంది. అంత చెల్లించగా 230 మిగులు. అయితే ఇక్కడ మోసం చేసే మాట ‘సగటున’ అన్నదే. సూచీ కదలకుండా కూర్చున్న నెలలో 920 మొత్తం జేబులో పడుతుంది. 23,000కు పడిన నెలలో 2,000 చెల్లించాలి, అంటే 1,080 నష్టం.

ఇంకో చిక్కుంది. సూచీ రోజుకు అర శాతం చొప్పున, ఒక్కరోజూ తప్పకుండా పెరుగుతూ పోయిందనుకుందాం. రోజుకు అర శాతమంటే ఏడాది లెక్కలో 8 మాత్రమే, అమ్మిన 16లో సగం. అంచనా నూటికి నూరుపాళ్లూ నిజమైనట్టే. కానీ 21 రోజులు గడిచేసరికి సూచీ 27,700 దాటిపోతుంది, అమ్మినవాడు 1,800కు పైగా పోగొట్టుకుంటాడు. ఊగిసలాటను అమ్మానని అతననుకున్నాడు, నిజానికి దిశ మీద కూడా పందెం కాశాడు. అందుకే పెద్ద సంస్థలు ఆప్షన్లు అమ్మి ఊరుకోవు. సూచీ కదిలినప్పుడల్లా ఫ్యూచర్స్ కొంటూ అమ్ముతూ దిశ ప్రభావాన్ని తుడిచేసుకుంటాయి. అప్పుడే 16కూ 8కీ మధ్య తేడా నికరంగా చేతికందుతుంది. ఈ పని చెయ్యకుండా ‘ప్రీమియం తింటున్నాం’ అనేవాళ్లు తింటున్నది చాలావరకు అదృష్టమే.

కొనేవాళ్లు ఏళ్ల తరబడి ఎక్కువ ధర ఎందుకిస్తున్నారు? షేర్లు పడినప్పుడే చెల్లింపు వచ్చే హామీకి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. పైగా అమ్మినవాడికి నష్టం వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే, అతని మిగతా ఆస్తులూ కరుగుతున్న రోజునే. ఆ కష్టానికి కూలి అడగకుండా ఎవరూ అమ్మరు.

తేడాను కొలిచేటప్పుడు చాలామంది ఒక చోట తప్పటడుగు వేస్తారు. ఈరోజు విక్స్‌ను గడిచిన నెల ఊగిసలాటతో పోల్చి, ప్రీమియం దండిగా ఉందని తేల్చేస్తారు. పోల్చాల్సింది రాబోయే నెలతో. 2020 ఫిబ్రవరి 19న విక్స్ 14 దగ్గరుంది, అంటే రోజుకు ఒక శాతం కూడా కాదు. నెల తిరక్కుండానే, మార్చి 16న, ఎస్ అండ్ పీ 500 ఒక్కరోజులో 12 శాతం పడింది.

2017 పండగ చేసుకున్నవాళ్లలో ఎక్స్‌ఐవీ అనే నోటు కొన్నవారూ ఉన్నారు. క్రెడిట్ సూయిస్ జారీ చేసిన ఈ నోటు విక్స్ ఫ్యూచర్స్‌కు ఎదురు నడిచేది, అవి ఒక శాతం పడితే ఇది ఒక శాతం పెరిగేది. ఆప్షన్లు నేరుగా అమ్మకపోయినా కోసుకునేది అదే పంట. ఆ ఏడాది దీని విలువ దాదాపు మూడింతలైంది.

చిక్కంతా రోజూ సాయంత్రం చేసుకోవాల్సిన సర్దుబాటులో ఉంది. 100 డాలర్ల పెట్టుబడితో 100 డాలర్ల ఫ్యూచర్స్ అమ్మారనుకుందాం. అవి 50 శాతం పెరిగితే పెట్టుబడి 50కి తగ్గుతుంది, అమ్మిన వాటి విలువ 150కి చేరుతుంది. మళ్లీ సమానం చెయ్యాలంటే 100 డాలర్ల ఫ్యూచర్స్ అప్పటికప్పుడు కొనాలి. ఆ కొనుగోలు వల్ల ధర ఇంకా పెరుగుతుంది, నష్టం ఇంకా ముదురుతుంది. ఎక్స్‌ఐవీలాంటివన్నీ ఒకే వేళకు ఇదే పని చెయ్యాలన్న సంగతి మార్కెట్లో ఎవరికీ రహస్యం కాదు.

2018 ఫిబ్రవరి 5, సోమవారం. ఎస్ అండ్ పీ 500 4.1 శాతం పడింది. విక్స్ 17.31 నుంచి 37.32కు ఎగబాకింది. షేర్ల ట్రేడింగ్ నాలుగింటికి ముగిసింది గానీ ఫ్యూచర్స్ సెటిల్‌మెంటుకు ఇంకో పావుగంట ఉంది. సర్దుబాటు కొనుగోళ్లన్నీ ఆ సమయంలో ఎగబడ్డాయి. శుక్రవారం 108 డాలర్లున్న ఎక్స్‌ఐవీ విలువ ఆ సాయంత్రానికి 4.22 డాలర్లు. ఒక్కరోజులో 80 శాతం పడితే నోటును మూసేయవచ్చన్న షరతు ఒప్పందంలోనే ఉంది. మర్నాడే క్రెడిట్ సూయిస్ దాన్ని వాడుకుంది. దీనికి పోటీగా ఉన్న ప్రోషేర్స్ ఫండ్ బతికి బట్టకట్టింది గానీ, ఆ నెలాఖరులోనే ఎదురు నడకను సగానికి తగ్గించుకుంది.

మన దగ్గర ఇండెక్స్ ఆప్షన్లు అమ్మేవారికి గండం ఎక్కువగా ఎక్స్‌పైరీ రోజున. అమ్మిన ఆప్షన్లపై ఆ ఒక్కరోజుకు మరో 2 శాతం మార్జిన్ అదనంగా కట్టాలని 2024 నవంబరు నుంచి సెబీ నిబంధన పెట్టింది. దానికి రెండు నెలల ముందు అదే సెబీ ఇచ్చిన నివేదికలో, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన చిన్న ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని ఉంది. లాభాల పట్టికలో కనిపించినవి సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలు, విదేశీ ఫండ్లు. వాటి లాభాల్లో అత్యధిక భాగం తెచ్చిపెట్టింది కంప్యూటర్లతో నడిచే ఆల్గో ట్రేడింగే.